విశాఖ నుంచి గోపాల్‌పూర్‌కి చిన్న యాట్: తెరచాప ఎప్పుడు కుదించాలి, పడవను ఎప్పుడు నిలపాలి

ప్రశ్న: మాది బరంపురం. విశాఖలో 24 అడుగుల పాత యాట్ కొన్నాను. ఫిన్ కీల్, టిల్లర్, మెయిన్ చాపకి రెండు రీఫ్‌లు, ముందు రోలర్ జిబ్ ఉన్నాయి. ఏప్రిల్‌లో నేనూ మా బావమరిదీ దాన్ని గోపాల్‌పూర్ తెచ్చుకుందామని అనుకుంటున్నాం. గాలి లేస్తే చాప ఎప్పుడు కుదించాలో ఎలా తెలుస్తుంది? హీవ్-టు అని అందరూ అంటున్నారు, అది ఎలా చెయ్యాలి, ఎప్పుడు చెయ్యాలి? పడవలో గాలి కొలిచే మీటర్ లేదు.

జవాబు:

ముందు హీవ్-టు, అంటే చాపలతోనే పడవను నిలపడం, నేర్చుకోండి. రీఫ్, అంటే చాపను కుదించే సంగతి తరవాత చూద్దాం. చాలామంది దీన్ని తుఫానులో చివరి ఆధారంగా దాచిపెట్టుకుంటారు. ఇద్దరే ఉన్న చిన్న పడవలో దాని అసలు ఉపయోగం వేరు. అది పడవను దాదాపు కదలకుండా పట్టుకుని మీ రెండు చేతులూ ఖాళీ చేస్తుంది. చేతులు ఖాళీగా ఉంటే రీఫ్ వేయడం పది నిమిషాల పని. పడవ పరుగెడుతుండగా ఒకరు చుక్కాని పిడి టిల్లర్‌తో కుస్తీ పడుతుంటే, రెండోవారు ఊగుతున్న డెక్ మీద వేలాడుతూ అదే పని చేయాలి. అది కష్టమని తెలుసు కాబట్టే వాయిదా వేస్తాం, వాయిదా వేసేకొద్దీ గాలి పెరుగుతుంది. రీఫ్ ఆలస్యం కావడానికి సాధారణంగా కారణం ఇదే.

హీవ్-టు లో జరిగేది ఇది. ముందుండే చాప జిబ్ గాలికి ఎదురు వైపు బిగిసి ఉండి ముక్కును గాలి నుంచి పక్కకు నెడుతుంది. మెయిన్, చుక్కాని కలిసి ముక్కును తిరిగి గాలి వైపుకు తిప్పుతాయి. ఈ రెండు తోపుళ్లూ సరితూగినప్పుడు పడవ గాలికి 45 నుంచి 60 డిగ్రీల కోణంలో నిలబడి, గంటకు ఒకటి నుంచి రెండు నాటికల్ మైళ్ల వేగంతో నెమ్మదిగా పక్కకు జారుతుంది. జారిన చోట, గాలి వచ్చే వైపు నీటి మీద నున్నటి మడుగులాంటి మరక ఏర్పడుతుంది. అది కనిపించిందంటే పడవ సరిగ్గా నిలిచినట్టే.

మీ దారిలో దీన్ని చేసే వరుస చెబుతాను. ఏప్రిల్‌లో పగటిపూట ఈ తీరంలో ఎక్కువగా నైరుతి నుంచే గాలి వస్తుంది. మీరు వెళ్లేది ఈశాన్యానికి. అంటే గాలి సరిగ్గా వెనక నుంచి వస్తుంది. ముందే బూమ్‌ను, అంటే మెయిన్ చాప అడుగున ఉండే అడ్డ కర్రను, కుడి వైపు ఉంచుకుని, జిబ్‌ను లాగి పట్టే తాడు జిబ్ షీట్ కూడా కుడి వైపే కట్టుకుని ప్రయాణించండి. నిలపాలనుకున్నప్పుడు జిబ్‌ను సగానికి చుట్టి, పడవను ఎడమకు తిప్పడం మొదలుపెట్టి, షీట్‌లు లాగుతూ పోండి. ముక్కు ఉత్తరం, పడమర దాటి నైరుతిలో గాలికి ఎదురుగా వస్తుంది. అక్కడ ఆగకుండా, జిబ్ షీట్ వదలకుండా, దాటి దక్షిణం వైపు తిప్పండి. మెయిన్ దానంతటదే ఎడమకు వెళ్తుంది, తలలు వంచండి. జిబ్ మాత్రం పాత వైపే బిగిసి ఉంటుంది కాబట్టి గాలి దాని వీపు మీద పడుతుంది. పడవ వేగం చచ్చిపోయేదాకా ఆగి, అప్పుడు టిల్లర్‌ను బూమ్ ఉన్న వైపుకు, అంటే ఎడమకు, పూర్తిగా తోసి తాడుతో కట్టండి. వేగం తగ్గకముందే టిల్లర్ తోస్తే పడవ మళ్లీ గాలి దాటి తిరిగిపోతుంది. కొత్తవాళ్లు ఎక్కువగా చేసే తప్పు ఇదే. చివరగా మెయిన్ షీట్‌ను కొద్దికొద్దిగా వదులుతూ ముక్కు స్థిరపడే చోటు వెతకండి.

అడుగున పొట్టి రెక్కలాంటి ఫిన్ కీల్ ఉన్న పడవలు ఈ విషయంలో పాత పొడవు కీల్ పడవలంత బుద్ధిమంతులు కావు. ఒక్కో పడవకు ఒక్కో సరిపోలిక ఉంటుంది, దాన్ని మీరే కనుక్కోవాలి. ముక్కు పక్కకు జారిపోయి అలలకు అడ్డంగా పడుతుంటే జిబ్ ఎక్కువైందని అర్థం. ఇంకొంచెం చుట్టండి, లేదా మెయిన్ కొద్దిగా లాగండి. ముక్కు గాలి వైపు ఎక్కిపోయి పడవ తిరిగిపోతుంటే మెయిన్ ఎక్కువైంది, షీట్ వదలండి. నిలవకుండా రెండు నాట్లకు, అంటే గంటకు రెండు నాటికల్ మైళ్లకు, మించి ముందుకు పోతుంటే కూడా మెయిన్ వదలడమే మొదటి మందు. పదీ పన్నెండు నాట్ల గాలిలో విశాఖ హార్బర్ బయట ఒక పూటంతా దీనికే కేటాయించి, మీ పడవకు ఎన్ని చుట్లు, షీట్ ఎంత పొడవు అన్నది రాసుకోండి. షీట్ మీద రంగు దారంతో గుర్తు కట్టుకుంటే రాత్రి వేలికి తగులుతుంది.

ఇక ఎప్పుడు అన్నది. గాలి వెనక నుంచి వస్తున్న దారిలో ఒంటికి తెలిసే గాలి మిమ్మల్ని మోసం చేస్తుంది. అసలు గాలి 18 నాట్లు, పడవ వేగం 5 నాట్లు అనుకోండి. మీ ఒంటికి తగిలేది 13 నాట్లే. హాయిగా ఉంటుంది, చొక్కా కూడా సరిగ్గా ఎగరదు. ఎవరో నీళ్లలో పడ్డారనో, వల అడ్డొచ్చిందనో గాలికి 45 డిగ్రీల్లోకి తిప్పితే అదే గాలి 22 నాట్లవుతుంది. గాలి వల్ల చాప మీద పడే బలం వేగానికి వర్గంగా పెరుగుతుంది కాబట్టి 13 నుంచి 22 కు మారడం అంటే చాప మీద బరువు దాదాపు మూడింతలు కావడం. అందుకే లెక్క ఇప్పుడు నడుస్తున్న దిశకు కాదు, ఇప్పటికిప్పుడు గాలికి ఎదురు తిరగాల్సివస్తే మోయగలిగే చాపకు వేసుకోండి. ఈ ఒక్కటి మనసులో పెట్టుకుంటే మీ సందేహంలో సగం తీరుతుంది.

మీటర్ లేదన్నారు కాబట్టి సముద్రాన్నే మీటర్‌గా చదవండి. 7 నుంచి 10 నాట్లలో అక్కడొకటి ఇక్కడొకటి తెల్ల నురగ కనిపిస్తుంది. 11 నుంచి 16 లో నురగలు తరచుగా వస్తాయి. 17 నుంచి 21 లో ఎటు చూసినా చాలా నురగ తలలుంటాయి, తుంపర మొదలవుతుంది. 22 దాటితే పెద్ద అలలు, నురగ తలలు విస్తారంగా ఉంటాయి. 28 దాటితే నురగ గాలి దిశలో చారలుగా సాగుతుంది. మీలాంటి 24 అడుగుల పడవలో ఇద్దరే ఉన్నప్పుడు నేనైతే గీత ఇలా గీస్తాను: నురగలు తరచుగా వచ్చే స్థాయి నుంచి ఎటు చూసినా నురగలే అనిపించే స్థాయికి మారుతుండగానే మొదటి రీఫ్, తుంపర ముఖాన కొట్టే లోపే రెండో రీఫ్. వెనక గాలిలో అలల నురగ కూడా తక్కువగానే కనిపిస్తుంది, ఎందుకంటే అలల వీపులే చూస్తుంటాం. అందుకని పావుగంటకోసారి వెనక్కి తిరిగి గాలి వచ్చే వైపు చూడండి.

గాలికి ఎదురుగానో పక్కగానో నడుస్తున్నప్పుడైతే టిల్లరే చెబుతుంది. పడవ 25 డిగ్రీలకు మించి వంగి అక్కడే ఉండిపోతున్నా, నేరుగా పోవడానికి టిల్లర్‌ను ఎప్పుడూ గాలి వైపు బలంగా లాగి పట్టుకోవాల్సి వస్తున్నా చాప ఎక్కువైనట్టే. అలా లాగి పట్టిన చుక్కాని నీటిలో అడ్డంగా నిలబడి బ్రేక్ వేస్తుంది. మొదటి రీఫ్ వేశాక పడవ నిటారుగా లేచి, వేగం అలాగే ఉండటమో పెరగడమో చాలాసార్లు చూస్తారు.

చీకటి సంగతి వేరు. విశాఖ నుంచి గోపాల్‌పూర్ తిన్నగా వెళ్తే దాదాపు 130 నాటికల్ మైళ్లు, ఐదు నాట్ల లెక్కన 26 గంటలు. అంటే ఒక రాత్రి తప్పదు. గాలి ఎంత మెత్తగా ఉన్నా పొద్దుగూకే ముందే ఒక రీఫ్ వేసేయండి. రాత్రంతా అర నాటు వేగం పోతే పోయింది.

రీఫ్ వేసే వరుసలో ప్రతి మెట్టుకూ కారణం ఉంది, మార్చకండి. పడవ హీవ్-టు లో ఉంది, ఇద్దరూ లైఫ్ జాకెట్ వేసుకుని, ముందుకు వెళ్లేవారు తాడుతో తగిలించుకుని ఉన్నారు. మొదట బూమ్ చివరను పైనుంచి పట్టే తాడు టాపింగ్ లిఫ్ట్ లాగి బూమ్ బరువు దాని మీదకు తీసుకోండి. ఇది మరిచిపోతే చాపను పైకెత్తే తాడు హాల్యార్డ్ వదలగానే బూమ్ కాక్‌పిట్‌లో కూర్చున్నవారి నెత్తిన పడుతుంది. తరవాత బూమ్‌ను కిందికి లాగి పట్టే వ్యాంగ్, మెయిన్ షీట్ వదలండి. అప్పుడు హాల్యార్డ్‌ను గుర్తు దాకా దించండి. ఈ గుర్తు ఒడ్డునే పెట్టుకోవాలి. చాపను రీఫ్ ఎత్తుకు దించి, చాప ముందు అంచు రింగు బూమ్ మొదట్లోని కొక్కేనికి అందే చోట హాల్యార్డ్ మీద చెరగని సిరాతో ఒక గీత, రెండో రీఫ్‌కు రెండు గీతలు. గుర్తు లేకపోతే ఎక్కువ దించి చాప గుట్టగా పడుతుంది, లేదంటే తక్కువ దించి కొక్కేనికి అందక గుంజులాట మొదలవుతుంది.

ముందు రింగు కొక్కేనికి తగిలించి, హాల్యార్డ్‌ను మళ్లీ వించ్‌తో బిగించండి. స్తంభం వెంట చాప అంచున అడ్డ ముడతలు పోయేదాకా బిగించాలి. ఆ తరవాతే వెనక రీఫ్ తాడు లాగాలి. ముందు అంచు బిగవకుండా వెనక లాగితే చాప మొత్తం వెనక్కి జరిగి బరువంతా ముందు అంచు స్లైడ్‌ల మీద పడుతుంది, అవి ఒక్కొక్కటే తెగుతాయి. వెనక తాడును చాప అడుగు భాగం బల్లలా చదునుగా అయ్యేదాకా లాగండి. ఇక్కడ బద్ధకిస్తే చాప సంచిలా ఉబ్బుతుంది. ఉబ్బిన చాప పడవను ఇంకా వంచుతుంది, అప్పుడు రీఫ్ వేసి ప్రయోజనం లేకపోతుంది. చివరగా టాపింగ్ లిఫ్ట్ వదిలి, వ్యాంగ్ బిగించండి. మధ్యలో వేలాడే చిన్న తాళ్లను వదులుగా మాత్రమే కట్టండి. అవి మడత పడిన గుడ్డను పోగుచేయడానికే, గాలి బరువు మోయడానికి కాదు. వాటిని గట్టిగా కడితే, వెనక తాడు కాస్త జారిన క్షణంలో బరువంతా ఆ చిన్న రంధ్రాల మీద పడి చాప అడ్డంగా చిరుగుతుంది. వెనక రీఫ్ తాడు రాపిడికి అరిగిందేమో బయలుదేరే ముందే చూసుకోండి. 24 అడుగుల పడవకు 8 మిల్లీమీటర్ల తాడు సరిపోతుంది.

జిబ్ చుట్టేటప్పుడు షీట్‌ను పూర్తిగా వదిలేయకండి, కొద్దిగా బిగువు ఉంచితేనే గట్టిగా చుట్టుకుంటుంది. వదులుగా చుట్టినది రాత్రి గాలికి కొనలో విప్పుకుని కొట్టుకుంటుంది. చుట్టాక షీట్‌కు దారి చూపే జారుడు కప్పీని ముందుకు జరపండి, లేకపోతే చాప పై భాగం తెరుచుకుని వణుకుతుంది.

ఇప్పుడు మీ ప్రయాణంలో ఎక్కువ భయపడాల్సిన పూటను తీసుకుందాం. ఏప్రిల్, మధ్యాహ్నం మూడున్నర. బారువకు ఎదురుగా, తీరానికి ఎనిమిది నాటికల్ మైళ్ల దూరంలో ఉన్నారు. నైరుతి గాలి 15 నాట్లు, బూమ్ ఏదో ఒక వైపు బాగా బయటకు ఉంది. పడమటి కొండల మీద, మహేంద్రగిరి వైపు, మేఘం గోపురంలా లేచి అడుగు నల్లబడుతోంది. ఇది ఒడిశా వాళ్లు కాళబైశాఖి అనే వడగండ్ల గాలివాన. సమస్య ఏమిటంటే ఇప్పటి గాలి నైరుతిది, రాబోయేది వాయవ్యం నుంచి, ఒక్కసారిగా. విసురులో గంటకు 60 కిలోమీటర్లు, అంటే 32 నాట్లు దాటడం మామూలు.

దీనికి ముందుగానే హీవ్-టు చేసి కూర్చోవడం తప్పు. నైరుతి గాలికి సరిపోల్చి నిలిపిన పడవ ముక్కు దక్షిణానికి ఉంటుంది. కొత్త గాలి వాయవ్యం నుంచి వచ్చేసరికి అది మీ కుడి వెనక భాగం నుంచి కొడుతుంది. సరిపోలిక మొత్తం తలకిందులై, టిల్లర్ కట్టేసి ఉన్న పడవ దాని ఇష్టం వచ్చినట్టు తిరుగుతుంది. బూమ్ ఎడమ వైపు పెట్టి ఈశాన్యానికి పరుగెత్తడం ఇంకా ప్రమాదం. ఎడమ నుంచి వచ్చే విసురు దాన్ని ఒక్క ఊపున కుడికి విసురుతుంది, దారిలో ఎవరి తల ఉంటే వారికే తగులుతుంది.

కాబట్టి మేఘం అడుగు నల్లగా కనిపించగానే, ఉరుము వినకముందే, ఇలా చేయండి. హీవ్-టు చేసి, ఆ స్థిరత్వంలో మెయిన్‌ను రీఫ్ వేయడం కాదు, పూర్తిగా దించి బూమ్‌కు గట్టిగా కట్టేయండి. జిబ్‌ను తువ్వాలంత ఉంచి మిగతాది చుట్టండి. రెండో రీఫ్‌తో గట్టెక్కుతామని అనిపిస్తుంది, కానీ విసురు 40 నాట్లకు వెళ్తే 24 అడుగుల పడవకు అది కూడా ఎక్కువే. కిటికీలు, మూతలు బిగించి, వాన వచ్చే ముందు తీరం ఎటు, ఎంత దూరమో ఒక కాగితం మీద రాసుకోండి. వానలో ఏమీ కనిపించదు. ఆ తరవాత నైరుతి గాలి ఒక్కసారిగా పడిపోయి, కొన్ని నిమిషాల నిశ్శబ్దం, ఆపైన చల్లటి గాలి ఒంటికి తగులుతుంది. ఆ చల్లదనం తగిలాక పనికి సమయం ఉండదు. మొదటి విసురులో ఆ చిన్న జిబ్‌తో ఆగ్నేయానికి, గాలితోపాటు పోనివ్వండి. ఆ దిక్కున మీకు బంగాళాఖాతమంతా ఖాళీగా ఉంది, తీరం మీ వెనక ఉంది. సాధారణంగా అరగంట నుంచి గంటలో ఉధృతి తగ్గుతుంది. ఆరు నాట్లతో గంట పోయినా ఆరు మైళ్లే బయటికి వెళ్తారు.

గాలివాన కాకుండా గంటల తరబడి నెమ్మదిగా పెరిగి నిలిచిపోయే గాలికే హీవ్-టు పూర్తిస్థాయిలో పనికొస్తుంది. రెండో రీఫ్ వేసి, జిబ్‌ను మూడో వంతు ఉంచి, పైన చెప్పినట్టు నిలిపి, వండుకుని తిని, ఒకరు నిద్రపోవచ్చు. కాపలా మాత్రం తప్పదు. నిలిచిన పడవ కూడా ప్రయాణంలో ఉన్న పడవే, వల వేసిన పడవలకు మీరే దారి ఇవ్వాలి. అరగంటకోసారి జిబ్ షీట్, స్తంభం పక్క తీగకు ఎక్కడ రాసుకుంటోందో చూడండి. రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి తెగుతుంది.

ఎటు ముఖంగా నిలపాలన్నది ఈ తీరంలో గాలిని బట్టి మారుతుంది. తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి సాగుతుంది, సముద్రం ఆగ్నేయాన. నైరుతి గాలిలో గాలి కుడి వైపు నుంచి వచ్చేలా నిలిపితే ముక్కు దక్షిణానికి ఉండి పడవ నెమ్మదిగా సముద్రంలోకి జారుతుంది. ఎడమ గాలితో నిలిపితే అదే పడవ ఒడ్డు వైపుకు పోతుంది. ఈశాన్య గాలిలో దీనికి సరిగ్గా తిరగేసి, ఎడమ గాలితో నిలపాలి. తూర్పు, ఆగ్నేయ గాలుల్లో ఎటు నిలిపినా ఒడ్డుకే జారుతారు. అప్పుడు లెక్క సూటిగా చేయండి. ఒడ్డు పది మైళ్లుండి, గంటకు మైలున్నర జారితే ఆరున్నర గంటలు. అందులో సగం మాత్రమే మీదనుకోండి, మిగతా సగం చాప వేసుకుని తిరిగి సముద్రంలోకి ఎక్కడానికి. మూడు గంటల్లో గాలి తగ్గుతుందన్న నమ్మకం లేకపోతే అసలు నిలపకూడదు, బలం ఉన్నప్పుడే బయటికి తిప్పాలి.

ఒడ్డు దగ్గర తలదాచుకుందామన్న ఆలోచన ఈ దారిలో పెట్టుకోకండి. కళింగపట్నం దగ్గర వంశధార, బారువలో మహేంద్రతనయ, సొనపూర్ దగ్గర బాహుదా, అన్ని చోట్లా నది నోట్లో ఇసుక మేటలుంటాయి. పొంగు ఉన్నప్పుడు వాటి మీద అల విరుగుతుంది. తెలిసిన జాలర్లు కూడా ఆ సమయంలో ఆగుతారు. మీ పడవకు కీల్ కూడా ఉంది. అల పక్క నుంచి విరిగి పడితే, దాని ఎత్తు పడవ పొడవులో మూడో వంతు, అంటే మీకు ఏడెనిమిది అడుగులు ఉన్నా, బోర్లా పడే ప్రమాదం నిజం. అదే ఎత్తు అల లోతు నీటిలో విరగకుండా కిందుగా దాటిపోతుంది. అందుకే గాలి లేచినప్పుడు చిన్న పడవకు ఒడ్డు కన్నా లోతు మంచిది.

బయలుదేరే ముందు వాతావరణ శాఖ మత్స్యకారుల హెచ్చరిక చదివేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోండి. అది గంటకు కిలోమీటర్లలో ఇస్తుంది. 1.85 తో భాగిస్తే నాట్లు వస్తాయి. ‘45 నుంచి 55, విసురులో 65’ అంటే 24 నుంచి 30 నాట్లు, విసురులో 35. ఆ వాక్యం ఉన్న రోజు మీ పడవ కదలకూడదు. సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే అలల సూచనలో రెండున్నర మీటర్లు దాటినా అంతే. ఇక ఫైలిన్ 2013 లో గోపాల్‌పూర్ దగ్గర, తిత్లీ 2018 లో పలాస దగ్గర తీరం దాటిన తీరు చూసినవారికి చెప్పక్కర్లేదు, అలాంటి వాటికి ఇక్కడ చెప్పినదేదీ వర్తించదు. అప్పుడు పడవ హార్బర్‌లో ఉండాలి, మీరు ఇంట్లో ఉండాలి.

గాలి తగ్గాక రీఫ్ విప్పడానికి తొందరపడకండి. అరగంట ఆగండి, ఒక గాలివాన వెనక ఇంకొకటి వస్తుంటుంది. విప్పేటప్పుడు మొదట మధ్యలోని చిన్న తాళ్లన్నీ విప్పి, ఒకటీ మిగల్లేదని చేత్తో తడిమి చూసి, ఆ తరవాతే వెనక తాడు, ముందు కొక్కెం వదలండి. హాల్యార్డ్ చివరన లాగాలి. ఒక్క చిన్న తాడు మరిచిపోయి హాల్యార్డ్ లాగితే చాప సరిగ్గా అక్కడే చిరుగుతుంది.